స్థలం విదిక్కా కాదా? ఒక్కో ఫోన్ ఒక్కో డిగ్రీ చూపిస్తోంది, ఏది నమ్మాలి

పద్మజ_వరంగల్ | డిసెంబరు 12, రాత్రి 9:40

అందరికీ నమస్తే. వరంగల్ బయట లేఅవుట్‌లో 200 గజాల ప్లాటు కొన్నాం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, తూర్పు వైపు రోడ్డు. కొనేటప్పుడు తూర్పు ఫేసింగ్ అనే చెప్పారు. ఇప్పుడు ఇల్లు మొదలు పెడదామని సిద్ధాంతి గారిని పిలిస్తే, గేటు దగ్గర దిక్సూచి పెట్టి చూసి, స్థలం 20 డిగ్రీలు ఆగ్నేయానికి తిరిగింది, ఇది విదిక్కు స్థలం, ఇల్లు ప్రహరీకి సమాంతరంగా కట్టొద్దు, లోపల దిక్కులకు తిప్పి కట్టండి అన్నారు. నిక్కచ్చి తూర్పు అయితే 90 రావాలి కదా, నా ఫోన్‌లో చూస్తే 108 చూపిస్తోంది, మా వారి ఫోన్‌లో 97. మా అత్తమ్మకు ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదు. అమ్మేద్దాం అంటోంది. లోను తీసుకుని కొన్నాం, టెన్షన్‌గా ఉంది. ఇంతకీ నిజంగా ఎన్ని డిగ్రీలు తిరిగిందో ఎలా తెలుస్తుంది? తిరిగితే ఏమవుతుంది?

శ్రీను_ఖమ్మం | డిసెంబరు 12, రాత్రి 10:15

అక్కా, వీధిపోటు అయితే భయపడొద్దు, అన్ని వీధిపోట్లూ చెడ్డవి కావు. మాకు తూర్పు ఈశాన్యం వీధిపోటు ఉంది, పన్నెండేళ్లుగా ఉంటున్నాం, పిల్లల చదువులు అన్నీ బాగున్నాయి. ఆగ్నేయం పోటు అయితే మాత్రం ప్రహరీ ఎత్తు పెంచమంటారు.

పద్మజ_వరంగల్ | డిసెంబరు 12, రాత్రి 10:22

శ్రీను గారూ, వీధిపోటు కాదండీ. రోడ్డు మా ముందు నుంచి పక్కకే పోతుంది. ప్లాటే మొత్తంగా దిక్కులకు వంకరగా ఉందంటున్నారు.

సుబ్బు_గుంటూరు | డిసెంబరు 13, ఉదయం 7:05

పద్మజ గారూ, ఇదంతా అయస్కాంత శక్తి మేడమ్. భూమి ఒక పెద్ద అయస్కాంతం, ఉత్తరం నుంచి దక్షిణానికి ఆ శక్తి ప్రవహిస్తూ ఉంటుంది, ఇల్లు దానికి అడ్డంగా ఉంటే మన రక్తంలో ఇనుము మీద పని చేస్తుంది. ఉత్తరానికి తల పెట్టి పడుకోవద్దని పెద్దలు చెప్పింది అందుకే. కాబట్టి దిక్సూచి ఏం చూపిస్తే అదే వాస్తు దిక్కు. ఫోన్లు నమ్మొద్దు, మంచి దిక్సూచి కొనండి. ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే అసలే తప్పు చూపిస్తుంది.

గట్టుమీది మాష్టారు | డిసెంబరు 13, ఉదయం 8:30

సుబ్బు చెప్పినదాంట్లో ఫోన్ కవర్ సంగతి నిజం. గేటు దగ్గర, కారు దగ్గర, ఇనప చువ్వల కట్ట పక్కన, స్లాబు మీద నిలబడి చూసినా ముల్లు పక్కకు లాగుతుంది. ముప్పై ఏళ్లు సర్వే పనిలో ఉన్నాను, మంచి దిక్సూచి కూడా ఇనప కంచె పక్కన పదేసి డిగ్రీలు తప్పడం కళ్లతో చూశాను. పద్మజ గారి సిద్ధాంతి గారు చూసింది గేటు దగ్గర అన్నారు కదా, అక్కడే నాకు అనుమానం.

రక్తంలో ఇనుము మాట మాత్రం వదిలేయ్ తమ్ముడూ. రక్తంలో ఉండే ఇనుము మేకు లాంటి ఇనుము కాదు, దాన్ని అయస్కాంతం అలా లాగదు. ఎమ్మారై మెషీన్ అయస్కాంతం భూమి అయస్కాంతం కంటే ముప్పై వేల రెట్లకు పైగా బలమైనది. అందులో అరగంట పడుకుని లేచి వస్తున్నారు జనం. ఉత్తరానికి తల పెట్టొద్దన్న ఆచారానికి దిక్కుల్లో మనవాళ్లు పెట్టుకున్న అర్థాలు ఉన్నాయి, వినాయకుడి కథలో కూడా ఉత్తరానికి తల పెట్టి పడుకున్న ఏనుగు తలనే తెచ్చారు. అది నమ్మకం, దాన్ని నమ్మకంగానే గౌరవించాలి. భౌతిక శాస్త్రం పేరు తగిలిస్తే రెండూ పాడవుతాయి.

ఇక అసలు సంగతి. వాస్తు గ్రంథాలు దిక్కు కనుక్కోమన్నది ముల్లుతో కాదు, ఎండతో. మయమతంలో, మానసారంలో దీనికే ఒక అధ్యాయం ఉంది. శంకువు పాతి నీడ చూడమంటారు. మనం ఈరోజుకీ ఇల్లు మొదలుపెట్టే పనిని శంకుస్థాపన అనే అంటాం. శంకువు అంటే ఆ గుంజే. ఆ గుంజ ఎందుకు పాతేవారో మర్చిపోయాం, పేరు మాత్రం మిగిలింది.

పద్మజ_వరంగల్ | డిసెంబరు 13, ఉదయం 9:10

మాష్టారూ, ఎండతో అంటే పొద్దున్నే సూర్యుడు ఎక్కడ ఉదయిస్తే అది తూర్పు అనుకుంటే సరిపోతుందా? మా పక్క ప్లాటు పెద్దాయన అలాగే చూసుకున్నానన్నారు.

గట్టుమీది మాష్టారు | డిసెంబరు 13, ఉదయం 11:45

సరిపోదమ్మా, అందరూ చేసే తప్పు ఇదే. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండు రోజులే, మార్చి 20 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఒకసారి. ఇప్పుడు డిసెంబరు నడుస్తోంది, మన దగ్గర సూర్యుడు తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తున్నాడు. జూన్‌లో అంతే దూరం ఉత్తరానికి పోతాడు. మీ పక్క ప్లాటాయన ఏ నెలలో చూశాడో దాన్నిబట్టి ఆయన తూర్పు యాభై డిగ్రీల మేర ఎటైనా ఉండొచ్చు.

అరసవల్లి గుడి సంగతి అందరికీ తెలిసిందే. మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని చూడడానికి వెళ్తాం. ఆ తేదీలు ఒకసారి లెక్క వేసి చూడండి. మొదటిది మార్చి 20కి పది రోజుల ముందు, రెండోది సెప్టెంబరు 22కి తొమ్మిది పది రోజుల తర్వాత. అంటే ఆ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఉదయించేది ఒకే చోట, తూర్పు నుంచి కొంచెం దక్షిణంగా.

మీరు చేయాల్సింది ఇది. ప్లాటు మధ్యలో, ఎండ అడ్డు లేని చోట ఓ పది అడుగుల మేర నేల చదును చేయించండి. నీళ్లు పోస్తే ఏ పక్కకూ పారకుండా నిలవాలి. రెండడుగుల తిన్నని కర్ర నిలువుగా పాతండి, దారానికి గుండు కట్టి నాలుగు వైపుల నుంచీ నిలువు చూసుకోండి. కర్ర మొదలు నుంచి నాలుగడుగుల తాడుతో చుట్టూ గుండ్రంగా గీత గీయండి. పొద్దున నీడ పొడుగ్గా ఉండి, తగ్గుతూ తగ్గుతూ వచ్చి, దాని కొన సరిగ్గా ఆ గీతను తాకి లోపలికి వస్తుంది. అక్కడ మేకు కొట్టండి. మధ్యాహ్నం తర్వాత నీడ మళ్లీ పెరిగి ఇంకో పక్క గీతను దాటుతుంది. అక్కడ రెండో మేకు. ఆ రెండు మేకులకూ దారం కడితే అదే పడమర, తూర్పు.

లలిత_ఎన్‌జే | డిసెంబరు 14, ఉదయం 6:20

ఇది చదివి గుండె కలుక్కుమంది. మేము న్యూజెర్సీలో ఉంటాం. మూడేళ్ల కిందట ఒక ఇల్లు చాలా నచ్చింది, మెట్రో దగ్గర, స్కూలు దగ్గర. గుమ్మంలో నిలబడి దిక్సూచి ఫొటో తీసి ఇండియాలో వాస్తు చూసే ఆయనకి వాట్సాప్‌లో పంపాం. 102 అని ఉంది. పన్నెండు డిగ్రీలు ఆగ్నేయానికి తిరిగింది, వద్దన్నారు. వదిలేశాం. తర్వాత తెలిసింది, ఇక్కడ ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ పన్నెండు పదమూడు డిగ్రీల తేడా ఉందని, ముల్లు పడమరకు జరిగి చూపిస్తుందని. అంటే ఆ 102లోంచి పన్నెండున్నర తీసేస్తే దాదాపు 90. నిక్కచ్చి తూర్పు ఇల్లు! మా వారు ఆ వీధిలోంచి వెళ్లినప్పుడల్లా అటు చూస్తారు.

ఐఫోన్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో కంపాస్ దగ్గర `Use True North` అని ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. మాకు అప్పుడు తెలియదు.

సుబ్బు_గుంటూరు | డిసెంబరు 14, ఉదయం 7:00

లలిత గారూ, అదే నా ప్రశ్న. వాస్తుకు అసలు ఉత్తరం లెక్కా, ముల్లు ఉత్తరం లెక్కా? మా గురువు గారు ముల్లే లెక్క అంటారు.

గట్టుమీది మాష్టారు | డిసెంబరు 14, ఉదయం 9:30

మన ఆంధ్ర, తెలంగాణల్లో ఈ తేడా దాదాపు ఒక డిగ్రీయే సుబ్బూ, అందుకే ఇక్కడ ఈ ప్రశ్న ఎవరికీ తగల్లేదు, ముల్లు చూసినా ఎండ చూసినా పని జరిగిపోయింది. అమెరికా వెళ్లాకే బయటపడింది. గ్రంథం ప్రకారం చూస్తే శంకువు నీడే ప్రమాణం, అంటే అసలు తూర్పే. ఇప్పుడు కొందరు ముల్లునే పట్టుకుంటున్నారు, వాళ్లకు వాళ్ల కారణాలు ఉన్నాయి. నేను నీడ పక్షం.

నసీమ్_కర్నూలు | డిసెంబరు 14, మధ్యాహ్నం 1:15

నీడతో దిక్కు కనుక్కోవడం గురించి చదువుతుంటే మాది గుర్తొచ్చింది. నమాజుకు మేం చూసేది పడమర అని చాలామంది అనుకుంటారు, మా ఇళ్లలో పెద్దవాళ్లూ అలాగే అనేవారు. లెక్క చూస్తే కాబా హైదరాబాదు నుంచి నిక్కచ్చి పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి ఓ పదమూడు డిగ్రీలు. దీన్ని సరిచూసుకోవడానికి ఫోనే అక్కర్లేదు. ఏటా మే 28న, జూలై 16న మక్కాలో సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. మన టైములో మేలో అయితే మధ్యాహ్నం 2:48, జూలైలో 2:57. ఆ నిమిషంలో మన ఊళ్లో నిలబడి సూర్యుడి వైపు తిరిగితే అదే ఖిబ్లా. కర్ర పాతితే నీడ సరిగ్గా దానికి ఎదురు దిక్కున పడుతుంది. మా నాన్న మేడ మీద అలాగే గీత గీసి పెట్టుకున్నారు, సున్నం కొట్టినప్పుడల్లా ఆ గీతను వదిలేయమని చెప్పేవారు.

ఇంటి ప్లానులో మాకూ దిక్కుల పట్టింపు ఉందండీ. బాత్రూములో కూర్చుంటే ముఖం గానీ వీపు గానీ ఖిబ్లా వైపు రాకూడదు. మేస్త్రీకి ముందే చెప్పుకోకపోతే సీటు పెట్టాక మళ్లీ పగలగొట్టాల్సిందే, మా బాబాయి వాళ్లింట్లో అలాగే అయింది. అయితే ఒకటి, పాత మసీదుల్లో కొన్ని ఇప్పటి లెక్కకు కాస్త తేడాగా ఉంటాయి. దూరాన ఉన్నవాళ్లకు ఆ వైపుకు తిరిగితే చాలు, డిగ్రీ పట్టుకుని కూర్చోనక్కర్లేదని మా పెద్దలు చెబుతారు. మీ శాస్త్రంలో కూడా ఇంతవరకూ పర్లేదు అనే హద్దు ఉంటుంది కదా, మాష్టారూ?

రమణ మేస్త్రి | డిసెంబరు 14, రాత్రి 8:50

మేడమ్, నేను ఇళ్లు కడతాను. తిప్పి కట్టమన్నారు కదా, అందులో ఏం పోతుందో లెక్క వేసి చెప్తా. మీది 30 అడుగుల వెడల్పు. రెండు పక్కలా మూడున్నర అడుగుల చొప్పున వదిలితే మిగిలేది 23. తిన్నగా కడితే 23 వెడల్పు, 46 పొడుగు పెట్టినా వెయ్యి చదరపు అడుగులు దాటుతుంది. అదే 20 డిగ్రీలు తిప్పితే ఆ 23 అడుగుల్లో ఇల్లు ఐమూలగా కూర్చోవాలి. 15 అడుగుల వెడల్పు పెట్టుకుంటే పొడుగు 26 దాటదు, దాటితే మూల వెళ్లి పక్క ఖాళీలోకి పొడుచుకొస్తుంది. 390 అడుగులు. హాలు, వంటిల్లు పోగా బెడ్రూము ఎక్కడ? చుట్టూ మూడు మూలల ముక్కలు మిగిలిపోతాయి, దేనికీ పనికిరావు. ఎకరం తోటలో కట్టేవాళ్లు తిప్పుకోవచ్చు గానీ 200 గజాల్లో తిప్పమని చెప్పేవాళ్లు ఈ లెక్క వేసి చెప్పాలి.

గట్టుమీది మాష్టారు | డిసెంబరు 15, ఉదయం 8:10

రమణ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన లెక్క.

నసీమ్ గారూ, మంచి ప్రశ్న అడిగారు. అసలు తిరిగితే భయం ఎందుకంటే, మన మూలల పేర్లే చూడండి. ఈశాన్యం ఈశానుడిది, ఆగ్నేయం అగ్నిది, నైరుతి నిరృతిది, వాయవ్యం వాయువుది. స్థలాన్ని తొమ్మిది నిలువు, తొమ్మిది అడ్డం గళ్లుగా, మొత్తం 81 గళ్లుగా చేసి వాటిని దేవతలకు పంచి ఇచ్చారు. నడిమి తొమ్మిది గళ్లూ బ్రహ్మవి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరిచి వదిలేస్తారు చూడండి, మా అమ్మమ్మ గారింట్లో వానాకాలం నాలుగు చూరుల నీళ్లూ ఆ నడిమి గుంటలోనే పడేవి, రాత్రంతా ఆ చప్పుడు వింటూ పడుకునేవాళ్లం. బ్రహ్మస్థానం మీద బరువు పెట్టకూడదనే మాట అక్కడ కంటికి కనిపిస్తుంది.

ఈ గళ్ల చట్రం దిక్కులకు సరిగ్గా కూర్చుంటేనే అగ్ని మూల ఇంటి మూలతో కలుస్తుంది. స్థలం 45 డిగ్రీలు తిరిగితే ఇంటి మూల ఉన్న చోట నిక్కచ్చి తూర్పు వస్తుంది, అప్పుడు అగ్ని గోడ మధ్యలోకి వస్తాడు. పేర్లకీ గదులకీ పొత్తు పోతుంది. అదీ అసలు ఇబ్బంది. మరి ఎంత వరకు పర్లేదు? ఎనిమిది దిక్కులకు పంచితే ఒక్కోదానికి 45 డిగ్రీలు, అంటే అటు 22న్నర, ఇటు 22న్నర దాకా తూర్పు తూర్పే అనేది ఒక వాదం. పది లోపు ఉండాలనేవాళ్లు ఉన్నారు, పదిహేను అనేవాళ్లూ ఉన్నారు.

సుబ్బు_గుంటూరు | డిసెంబరు 15, ఉదయం 9:25

మాష్టారూ, మరి దీనికి ఎండా గాలీ కారణం అంటారు కదా. నైరుతిలో గోడలు మందంగా, కిటికీలు తక్కువగా పెట్టమనేది మధ్యాహ్నం ఎండకేగా?

గట్టుమీది మాష్టారు | డిసెంబరు 15, ఉదయం 10:00

కొంత అవును. మన దగ్గర మధ్యాహ్నం దాటాక పడమటి ఎండే ఇంటిని కాల్చేది, అటు బరువైన గోడ ఉంటే మేలే. కానీ దాంతో అన్నీ తేలవు. అగ్ని మూల ఆగ్నేయమే ఎందుకైంది, 81 గళ్లే ఎందుకు అంటే ఎండ జవాబు చెప్పదు. చైనా వాళ్ల ఫెంగ్ షుయీలో ఇల్లు దక్షిణానికి ముఖం పెట్టాలి, బీజింగ్‌లో చక్రవర్తుల కోట కూడా దక్షిణం వైపే చూస్తుంది. అక్కడ చలికాలం ఉత్తరం నుంచి గడ్డకట్టించే గాలి, వెచ్చని ఎండ దక్షిణం నుంచి. మన దగ్గర దక్షిణ ముఖం అంటే యముడి దిక్కని వెనకాడతాం. లలిత గారి న్యూజెర్సీ, బీజింగ్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అక్కడ చలికాలం ఎండ కావాలంటే దక్షిణం కిటికీయే దిక్కు.

లలిత_ఎన్‌జే | డిసెంబరు 15, సాయంత్రం 6:45

నిజం మాష్టారూ. ఇప్పుడున్న మా ఇంట్లో దక్షిణం వైపు కిటికీలన్నీ వాస్తు అని కర్టెన్లు వేసి మూసి పెట్టాం. జనవరిలో ఆ ఒక్క కర్టెన్ తీస్తే సోఫా దాకా ఎండ వస్తుంది. ఇవాళ తీశాను.

పద్మజ_వరంగల్ | డిసెంబరు 21, సాయంత్రం 7:30

అందరికీ, నిన్న చేశాం! మొదటి రోజు పొద్దున గుర్తు పెట్టాక మధ్యాహ్నం మబ్బు పట్టి పోయింది, నిన్న మళ్లీ మొదటి నుంచి. ముగ్గుపిండితో నాలుగడుగుల వలయం గీశాను. నీడ కొన పదునుగా ఉండదు, చివర మసకగా ఉంటుంది, ఎక్కడ ఆగిందో తెలియక కంగారు పడ్డాం. మా బాబు కర్ర కొనకు చిల్లు పెట్టిన అట్టముక్క అంటించాడు, అప్పుడు నేల మీద చిన్న వెలుగు చుక్క పడింది, అదే గుర్తు. చిల్లు సరిగ్గా కర్ర మీదుగా వచ్చేలా చూసుకున్నాం. తొమ్మిది కావస్తుండగా వలయాన్ని తాకింది. మధ్యాహ్నం మూడున్నర లోపే రెండోది.

దారం కట్టాక భయమేసింది, ఎందుకంటే అది కర్ర మీదుగా పోలేదు, కర్రకు రెండున్నర అడుగులు ఉత్తరంగా పోయింది. తప్పు చేశామేమో అనుకుని మాష్టారికి మెసేజ్ పెడితే, డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి రెండు నీడలూ ఉత్తరానికే పడతాయి, దారం కర్రను తాకనక్కర్లేదు, దాని దిశే ముఖ్యం అన్నారు.

తర్వాత ఆ దారానికీ పక్క హద్దు గీతకూ తేడా కొలిచాం. దారం వెంట పది అడుగులు పోయేసరికి హద్దు ఒక అడుగు పదకొండు అంగుళాలు పక్కకు జరిగింది. మా బాబు లెక్క వేస్తే 11 డిగ్రీలు వచ్చింది. 20 కాదు, 18 కాదు, 7 కాదు. గేటు దగ్గరికి ఫోన్ తీసుకెళ్తే మళ్లీ 108, మధ్యలోకి వస్తే 101!

రమణ మేస్త్రి | డిసెంబరు 21, రాత్రి 8:05

అట్టముక్క ఐడియా భలే ఉంది మేడమ్, బాబుకి చెప్పండి. ఇక నుంచి నేను కూడా ముగ్గు పోసే ముందు ఇది చేసి చూపిస్తాను. గూగుల్ మ్యాప్‌లో పైనుంచి మీ రోడ్డు చూసినా అంతే రావాలి, అక్కడ పై వైపు అసలు ఉత్తరమే కాబట్టి. ఒకసారి సరిచూసుకోండి.

సుబ్బు_గుంటూరు | డిసెంబరు 21, రాత్రి 8:40

11 అంటే మా గురువు గారి లెక్కలో పది దాటినట్టే మాష్టారూ. మీరేమంటారు?

గట్టుమీది మాష్టారు | డిసెంబరు 21, రాత్రి 9:15

ఒక డిగ్రీ దగ్గర నేను పేచీ పెట్టను సుబ్బూ. ముగ్గుపిండి గీతకే అర అంగుళం మందం ఉంటుంది. ప్రహరీకి సమాంతరంగానే కట్టుకోమంటాను, వంటిల్లు ఆగ్నేయం మూలలోనే ఉంటుంది, నడిమి భాగంలో స్తంభం రాకుండా చూసుకోమంటాను. మీ గురువు గారు కాదనొచ్చు, ఆయన మాట ఆయనది.

పద్మజ_వరంగల్ | డిసెంబరు 23, ఉదయం 10:50

మ్యాప్‌లో కూడా చూశాం, రోడ్డు అంతే తిరిగి ఉంది. సిద్ధాంతి గారికి ఫొటోలు, కొలతలు చూపించాం. ఆయన కోప్పడలేదు, గేటు దగ్గర చూడడం పొరపాటే అన్నారు, తిప్పి కట్టమన్న మాట వెనక్కి తీసుకున్నారు. కానీ ఈశాన్యం వైపు ఒక అడుగు పెంచి ప్రహరీ గోడ సరిచేసుకోమంటున్నారు, అది పక్క ప్లాటు వాళ్ల హద్దు, ఎలా కుదురుతుందో తెలియడం లేదు. అత్తమ్మ మాత్రం నిన్న నాతో పాటు ప్లాటుకు వచ్చి, ఆ రెండు మేకులూ తీయొద్దు, శంకుస్థాపన రోజు దాకా అలాగే ఉంచమంది. చుట్టూ ఇటుకలు పెట్టి వచ్చాం.

నసీమ్_కర్నూలు | డిసెంబరు 23, మధ్యాహ్నం 12:30

ఆ కర్ర కూడా ఉంచండి మేడమ్. వరంగల్‌లో మా చెల్లెలు ఉంది, మే 28న వాళ్లింటి మేడ మీద గీత గీయించాలి. మీ బాబు అట్టముక్క పద్ధతి వాళ్లకు చెప్తాను.

శ్రీను_ఖమ్మం | డిసెంబరు 23, రాత్రి 9:05

అక్కా, హద్దు అవతలివాళ్లతో మాట్లాడే ముందు పత్రాల్లో కొలతలు చూసుకోండి. మా కాలనీలో ఇలాగే ప్రహరీ అడుగు జరిపి ఇద్దరు అన్నదమ్ముల్లాంటివాళ్లు మాటలు మానేశారు. అడుగు జాగాకు ఇప్పటికీ కోర్టుకు తిరుగుతున్నారు.